మైనస్‌లో పెన్నులు, బ్యాంకులో తగ్గే డబ్బు: చిన్న దుకాణాల లెక్కల పనిని ఎలా నిలబెట్టుకోవాలి?

ప్రశ్న: ఒక పంపిణీదారు దగ్గర ఎనిమిదేళ్లు లెక్కలు చూశాను. ఆ ఉద్యోగం మానేసి చిన్న దుకాణాలకు బిల్లింగ్, క్యూఆర్ చెల్లింపులు, స్టాకు లెక్కలు అమర్చిపెట్టే పని మొదలుపెట్టి నాలుగు నెలలైంది. మూడు దుకాణాలు చేశాను. ముగ్గురి దగ్గరా ఒకేసారి డబ్బు తీసుకున్నాను. ఇప్పుడు ముగ్గురూ రోజూ ఫోన్లు చేస్తుంటే ఉచితంగా తిరుగుతున్నాను. స్టేషనరీ దుకాణంలో 1,400 రకాలు ఎక్కించాను. అక్కడ నీలం పెన్నులు మైనస్ 140 అని చూపిస్తోంది. యజమాని ముందు పనికుర్రాణ్ణి అనుమానించారు, ఇప్పుడు నన్ను కూడా. రెండో చోట సాయంత్రం రద్దీలో బిల్లింగ్ ఆపేసి మళ్లీ పుస్తకంలో రాసుకుంటున్నారు. మూడో ఆయన “బ్యాంకులో రోజూ తక్కువ పడుతోంది, నువ్వు పెట్టిన క్యూఆర్‌లోనే ఏదో ఉంది” అంటున్నారు. కొత్తగా వచ్చిన నాలుగో ఆయన, తన ఖాతా తెరిచేదాకా నా ఖాతాతో క్యూఆర్ పెట్టి, పడిన డబ్బు రోజూ ఇవ్వమంటున్నారు. నెలనెలా డబ్బు అడగాలా? చెల్లింపుల కంపెనీకి ఏజెంటుగా చేరాలా? లేక ఇది నడిచే పని కాదని వదిలేయాలా?

సమాధానం: ముందు ఆ పనికుర్రాడి సంగతి చూద్దాం. మిగతావన్నీ ఒక వారం ఆగినా ఫర్వాలేదు. అతని మీద పడిన మాట మాత్రం ఇవాళే తొలగాలి. ఎందుకంటే స్టాకు మైనస్‌లోకి వెళ్లడానికి దొంగతనం కారణం కానే కాదు. ఎవరైనా పెన్నులు ఎత్తుకుపోతే అల్మరాలో సరుకు తగ్గుతుంది తప్ప కంప్యూటర్‌లో అంకె మారదు. కంప్యూటర్‌లో మైనస్ వచ్చిందంటే, తనకు వచ్చినట్టు తెలియని సరుకును అది అమ్మినట్టు రాసుకుంది. అంటే కొనుగోలు నమోదులోనో, బిల్లు వేయడంలోనో ఏదో జారిపోయింది. యజమానికి ఈ ఒక్క మాట మీరు స్వయంగా వెళ్లి చెప్పండి.

ఏం జారిపోయి ఉంటుందో మీ అంకెతోనే చూద్దాం. పెన్నులు డబ్బాకు 20 చొప్పున వస్తాయనుకోండి. మొదటి రోజు లెక్కపెట్టినప్పుడు 60 పెన్నులు ఉన్నాయి. తర్వాత 10 డబ్బాలు వచ్చాయి. కొనుగోలు బిల్లు మీద ‘10’ అని ఉంటే, ఎక్కించినవాళ్లు 10 అనే కొట్టారు. అమ్మకం మాత్రం విడిగా, ఒక్కో పెన్ను చొప్పున 210 జరిగింది. కంప్యూటర్ లెక్క ప్రకారం 60కి 10 కలిపి 210 తీసేస్తే మైనస్ 140. నిజంగా అల్మరాలో ఉండవలసినవి 60కి 200 కలిపి 210 తీసేసినన్ని, అంటే 50. వెళ్లి లెక్కపెట్టండి. 50 దగ్గర దగ్గరగా ఉంటే ఎవరూ ఏమీ తీయలేదు. డబ్బాకూ పెన్నుకూ మధ్య తేడా కంప్యూటర్‌కు మనం చెప్పలేదు, అంతే.

ఈ తప్పును పట్టుకునే చిన్న కిటుకు ఒకటి ఉంది. అల్మరాలో ఉన్నదానికీ కంప్యూటర్‌లో ఉన్నదానికీ తేడా తీయండి. ఇక్కడ అది 190. డబ్బాలో ఉండే సంఖ్యలోంచి ఒకటి తీసేసి, వచ్చినదానితో ఆ తేడాను భాగించండి. 190ని 19తో భాగిస్తే సరిగ్గా 10. శేషం లేకుండా పోయిందంటే పది డబ్బాలను పది పెన్నులుగా ఎక్కించారన్నమాట. డబ్బా ఒక్కటి ఎక్కించిన ప్రతిసారీ 19 పెన్నులు లెక్కకు రాకుండా పోతాయి కాబట్టి ఇలా వస్తుంది. శేషం 17, 18 లాగా 19కి ఒకటీ రెండూ తక్కువగా వస్తే, ఆ తగ్గిన ఒకటీ రెండూ వేరే కారణం వల్ల పోయినవి.

మిగతా వస్తువుల్లో వచ్చే తేడాలకు కూడా దేని గుర్తు దానికి ఉంటుంది. నీలం పెన్నుల్లో 37 తక్కువ, నల్ల పెన్నుల్లో 37 ఎక్కువ అని పక్కపక్కన కనిపిస్తే, బిల్లు వేసేటప్పుడు ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కుతున్నారని అర్థం. కంప్యూటర్‌లో ఉన్నదానికంటే అల్మరాలో ఎక్కువ సరుకు ఉంటే, సరఫరాదారు డజనుకు ఒకటి ఉచితంగా ఇచ్చినవి నమోదు కాలేదేమో, లేదా కొనుగోలు బిల్లే ఎక్కలేదేమో చూడండి. ఇక దేనికీ జోడీ లేకుండా, ప్రతి వారం ఒకే వస్తువులో కొంచెం కొంచెం తగ్గుతుంటే అప్పుడు మాత్రమే బిల్లు వేయని అమ్మకం, పాడైన సరుకు, ఇంటివాళ్లు వాడుకోవడానికి తీసుకెళ్లినవి, దొంగతనం అనే నాలుగింటిని ఆలోచించాలి. ఈ నాలుగింటిలో ఇంటికి తీసుకెళ్లినవే అందరూ మర్చిపోతారు. అందుకే ‘సొంత వాడకం’ అని ఒక ఖాతా తెరిచి, పిల్లలు నోటు పుస్తకం పట్టుకెళ్లినా అందులో రాయమని యజమానికే చెప్పండి. అప్పుడు పనివాళ్ల మీద అనుమానం సగం తగ్గుతుంది.

ఇక్కడ మీతో సూటిగా ఒక మాట చెప్పాలి. డబ్బా, విడి లెక్కలు కలపకుండా వదిలేయడం అమరికలో జరిగిన లోపం. కాబట్టి దాన్ని సరిచేసే పనికి డబ్బు అడగవద్దు. “ఇది నేను పెట్టినప్పుడే చూడాల్సింది, చూసి సరిచేస్తాను” అని చెప్పండి. ఆ తర్వాత చేసే పనికి అడగండి.

సరిచేయడం ఎలాగంటే, 1,400 రకాలనూ మళ్లీ లెక్కపెట్టాలని చూడకండి. అలా చూస్తే ఎన్నటికీ పూర్తికాదు. గత రెండు నెలల అమ్మకాల నివేదిక తీసి, ఎక్కువగా కదిలిన 150 రకాలను ఎంచుకోండి. ప్రతి వస్తువుకూ అమ్మే చిన్న పరిమాణాన్నే అసలు కొలతగా పెట్టండి. డబ్బా, కట్ట, పెట్టె అనేవాటికి అందులో ఎన్ని ఉంటాయో నిష్పత్తి ఇవ్వండి. పేర్లకు ఒక వరుస పాటించండి: ముందు వస్తువు, తర్వాత కంపెనీ, తర్వాత సైజు, చివర రంగు. ఒకరు ‘నీలం పెన్ను’ అని, ఇంకొకరు ‘పెన్ను నీలం’ అని ఎక్కిస్తే ఒకే సరుకు రెండు చోట్ల నిల్వ ఉన్నట్టు కనిపిస్తుంది. ఇక మిగిలిన 1,250 రకాలకు బిల్లు వేయవచ్చు, కానీ వాటి నిల్వ అంకెను ఎవరూ నమ్మకూడదు. ఆ సంగతి యజమానికి ముందే చెప్పి, వీలైతే తెర మీద ఆ అంకె కనిపించకుండా చేయండి. తప్పు అంకె కంటే అంకె లేకపోవడమే మేలు.

తర్వాత రోజుకు పది రకాల చొప్పున లెక్కపెట్టించండి. 15 పని దినాల్లో 150 రకాలూ ఒక చుట్టు పూర్తవుతాయి. పది రకాలు లెక్కపెట్టడానికి పావుగంటకు మించి పట్టదు. అదే ఏడాదికి ఒకసారి మొత్తం లెక్కపెడితే, దొరికిన తేడా ఏ నెలదో, ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు. పదిహేను రోజుల కిందటి తేడా అయితే బిల్లులు తిరగేసి పట్టుకోవచ్చు.

ఇక రెండో దుకాణం. అక్కడ బిల్లింగ్ ఎందుకు ఆపేశారో అడగవద్దు, కొలవండి. ఒక సాయంత్రం గల్లా పక్కన నిలబడి, గడియారం పెట్టుకుని ముప్పై బిల్లులకు పట్టిన సమయం రాసుకోండి. గంటకు 90 మంది వస్తున్నారనుకుందాం. అంటే సగటున 40 సెకన్లకు ఒకరు. చేత్తో రాస్తే బిల్లుకు 25 సెకన్లు పడుతుంది, కంప్యూటర్‌లో పేరు వెతికి నొక్కితే 50 సెకన్లు. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న 40 సెకన్ల కంటే పది సెకన్లే కదా ఎక్కువ అనిపిస్తుంది. కానీ గంటలో వచ్చిన 90 మందిని పంపడానికి 75 నిమిషాలు పడుతుంది. గంట ముగిసేసరికి పావుగంట పని వెనకబడి, వరుస తలుపు దాటుతుంది. ఆ యజమాని మీరు పెట్టిన దాన్ని కాదన్నది మొండితనంతో కాదు, వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోతున్నారని. ఆయన చేసింది సబబే.

ఇప్పుడు ఆయన ముందు మూడు దారులు పెట్టండి. మొదటిది వేగం పెంచడం. బార్‌కోడ్ ఉన్న సరుకుకు స్కానర్, లేని విడి సరుకుకు గల్లా దగ్గర ఒక అట్ట. ఎక్కువగా పోయే ఇరవై ముప్పై విడి సరుకుల బార్‌కోడ్‌లు ముద్రించి, పక్కన పేరో బొమ్మో పెట్టి ఆ అట్ట మీద అతికిస్తే, వెతకకుండా దాని మీదే స్కాన్ చేయవచ్చు. ఈ కోడ్‌లు మీరు సొంతంగా తయారుచేసేటప్పుడు 2తో మొదలయ్యేవి వాడండి. 200 నుంచి 299 వరకు మొదలయ్యే 13 అంకెల కోడ్‌లను జీఎస్1 సంస్థ తయారీదారులకు ఇవ్వకుండా ఇలాంటి సొంత వాడకానికే వదిలిపెట్టింది. కాబట్టి బయటి సరుకు కోడ్‌తో ఢీకొట్టవు. పదమూడో అంకె మాత్రం మొదటి పన్నెండింటి నుంచి లెక్కగట్టి వచ్చే తనిఖీ అంకె. దాన్ని సాఫ్ట్‌వేర్‌నే వేయనివ్వండి. నచ్చిన అంకె వేస్తే స్కానర్ ఆ కోడ్‌ను చదవదు.

స్కానర్ పెట్టిన వారంలో “పనిచేయట్లేదు” అని ఫోన్ వస్తుంది. దానికి ముందే సిద్ధంగా ఉండండి. సాధారణ స్కానర్ కంప్యూటర్‌కు కీబోర్డులాగే కనిపిస్తుంది. చదివిన అంకెలను టైపు చేసి, చివర ఎంటర్ నొక్కుతుంది. కాబట్టి ఖాళీ నోట్‌ప్యాడ్ తెరిచి స్కాన్ చేయమనండి. అక్కడ అంకెలు వస్తే స్కానర్ బాగానే ఉంది, బిల్లు తెరలో కర్సర్ వేరే గడిలో ఉందన్నమాట. అంకెలు రాకపోతే తీగో, బ్యాటరీయో చూడాలి. ఈ ఒక్క పరీక్ష యజమానికి నేర్పితే మీకు చాలా తిరుగుళ్లు తప్పుతాయి.

రెండో దారి, రద్దీ రెండు గంటలూ పుస్తకంలోనే రాసి, తర్వాత తీరిక వేళ ఎక్కించడం. అందుకు వరుస సంఖ్యలు ముద్రించిన బిల్లు పుస్తకం కావాలి. ఎక్కించిన ప్రతి కాగితం మీద గీత కొట్టాలి. లేకపోతే ఒకే అమ్మకం రెండుసార్లు ఎక్కుతుంది, లేదా అసలే ఎక్కదు. ఇది ఎవరో ఒకరు రోజూ ముప్పావుగంట కూర్చునే పని. ఆ మనిషి ఎవరో తేలకుండా ఈ దారికి ఒప్పుకోకండి.

మూడోది, వస్తువారీ నిల్వ అనే ఆశను ప్రస్తుతానికి వదిలేసి, ఐదారు విభాగాలుగా మాత్రమే అమ్మకం కొట్టడం. అప్పుడు ఏ పెన్ను ఎన్ని ఉన్నాయో తెలియదు, కానీ రోజు డబ్బు లెక్క పక్కాగా ఉంటుంది. కొన్ని దుకాణాలకు నిజంగా కావలసింది అంతవరకే. అయితే బిల్లు మీద ప్రతి వస్తువూ విడిగా చూపించాలని ఆయన చోట పన్ను నియమం ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. ముందు అది కనుక్కోండి.

ప్రింటరు గురించి ఒక ముక్క. 58 మిల్లీమీటర్ల కాగితం వాడే మామూలు థర్మల్ ప్రింటర్లలో అడ్డంగా ముద్రించేందుకు 384 చుక్కలే ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాలైతే వరుసకు 32 పడతాయి. తెలుగు అక్షరాలు చాలా ప్రింటర్లలో ఉండవు కాబట్టి వాటిని బొమ్మగా మార్చి పంపాలి. దానివల్ల బిల్లు నెమ్మదిగా వస్తుంది. కొనేముందే ఆ సాఫ్ట్‌వేర్‌తో ఒక తెలుగు బిల్లు తీయించి సమయం చూడండి. థర్మల్ కాగితం వేడికీ వెలుతురుకూ వెలిసిపోతుంది. సరఫరాదారులు అలాంటి కాగితం మీద బిల్లు ఇస్తే అదే రోజు ఫొటో తీసి దాచమనండి.

మూడో దుకాణం విషయంలోనే మీ వ్యాపారం అసలు ఉందని నా అభిప్రాయం. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. “తక్కువ పడుతోంది” అన్నాయన దగ్గర ఒక్క రోజు లెక్క తీయండి. ఆ రోజు బిల్లుల మొత్తం 24,800 అనుకుందాం. అందులో నగదు 13,200, డిజిటల్ 9,600, అరువు 2,000. మూడూ కలిపితే 24,800 వచ్చింది కాబట్టి దుకాణం లోపల లెక్క సరిపోయింది. మర్నాడు బ్యాంకులో పడింది 9,350. యజమాని చూసేది 250 తక్కువని.

ఇప్పుడు చెల్లింపుల కంపెనీ ఇచ్చే లావాదేవీల నివేదిక తెరవండి. ఆ కంపెనీ లెక్కలో రోజు రాత్రి 9 గంటలకు ముగుస్తుందనుకోండి, దుకాణం మాత్రం 10 వరకు తెరిచి ఉంటుంది. 9 తర్వాత వచ్చిన రెండు చెల్లింపులు, మొత్తం 430, మరుసటి విడతలోకి పోయాయి. ముందు రోజు 9 తర్వాత వచ్చిన 300 ఈ విడతలో కలిశాయి. సరుకు తిరిగిచ్చిన ఒకరికి 120 వాపసు చేశారు, అది ఇందులోంచే తగ్గింది. 9,600లోంచి 430 తీసేస్తే 9,170. దానికి 300 కలిపితే 9,470. అందులో 120 తీసేస్తే సరిగ్గా 9,350. ఒక్క పైసా ఎక్కడికీ పోలేదు. కార్డు చెల్లింపుల మీద రుసుము ఉంటే అది కూడా ఇలాగే తగ్గుతుంది. దాన్ని వేరే గడిలో రాయండి, తేడాలో కలిపేయకండి.

జత చేసేటప్పుడు మొత్తాన్ని చూసి కాదు, లావాదేవీ సంఖ్యను చూసి జత చేయాలి. ఒకే రోజు 50 చొప్పున ఏడెనిమిది చెల్లింపులు ఉంటాయి. వాటిలో ఏది ఏ బిల్లుదో మొత్తం చూసి చెప్పలేం. అలా జత చేశాక మిగిలేవి రెండు రకాలు. నివేదికలో ఉండి బిల్లు లేనివి: బిల్లు వేయడం మరిచారు, లేదా పాత అరువు తీర్చారు. బిల్లు మీద డిజిటల్ అని ఉండి నివేదికలో లేనివి: నిజమైన నష్టం ఉంటే వీటిలోనే ఉంటుంది. చెల్లింపు మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు, నగదును పొరపాటున డిజిటల్ అని నొక్కి ఉండవచ్చు, లేదా కొన్నవాళ్లు పాత చెల్లింపు బొమ్మ చూపించి వెళ్లిపోయి ఉండవచ్చు. ఆ రోజు నగదు సరిగ్గా అంత మొత్తమే ఎక్కువగా ఉంటే రెండో కారణమని తేలిపోతుంది. లేకపోతే గల్లా దగ్గర అలవాటు మార్చాలి: కొన్నవాళ్ల ఫోన్ చూసి కాదు, దుకాణం ఫోన్‌లోనో, మోగే పెట్టెలోనో వచ్చిన మొత్తం వినే సరుకు ఇవ్వాలి.

గోడకు అతికించిన క్యూఆర్‌లో మొత్తం ఉండదు, కట్టేవాళ్లే టైపు చేస్తారు. 450 కట్టాల్సిన చోట 45 పడటం అక్కడే జరుగుతుంది. బిల్లింగ్ తెరలో ప్రతి బిల్లుకూ కొత్తగా పుట్టే క్యూఆర్‌లో మొత్తం, బిల్లు సంఖ్య రెండూ ఉంటాయి కాబట్టి జత చేయడం చాలా తేలిక. రోజుకు ముప్పై నలభైకి మించి డిజిటల్ చెల్లింపులు ఉన్న దుకాణానికి ఆ అమరిక చేయించమని సలహా ఇవ్వండి. గోడ క్యూఆర్‌నే ఉంచుకునేవాళ్లు రోజూ తెరవగానే దాన్ని ఒకసారి స్కాన్ చేసి, తెర మీద తమ పేరే వస్తోందో లేదో చూడాలి. డబ్బు కట్టనక్కర్లేదు, పేరు చూస్తే చాలు. పైన ఇంకెవరో తమ క్యూఆర్ అతికించి పోయే మోసం ఆ ఒక్క చూపుతో బయటపడుతుంది.

నాలుగో ఆయనకు మాత్రం కాదని చెప్పండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఆయన అమ్మకం మీ ఖాతాలో పడితే పన్ను అధికారులకు అది మీ రాబడిగా కనిపిస్తుంది. కొన్నవాళ్లెవరైనా ఫిర్యాదు చేస్తే ఆగేది మీ ఖాతా, అప్పుడు మీ ఇంటి ఖర్చుకూ డబ్బు ఉండదు. ఒక రోజు లెక్క తేడా వస్తే రాసేదీ మీరే, డబ్బు పట్టుకున్నదీ మీరే. మీ మాట నమ్మడానికి ఆయనకు ఆధారం ఉండదు, నిరూపించడానికి మీకూ ఉండదు. ఖాతా తెరిచేదాకా నగదుతో నడపడం ఒక దారి. చెల్లింపుల కంపెనీ ఒప్పుకుంటే ఆయన వ్యక్తిగత ఖాతాతో మొదలుపెట్టడం ఇంకొకటి. ఏదైనా పేరూ, ఫోన్ నంబరూ ఆయనవే కావాలి. ఇప్పటికే చేసిన మూడు దుకాణాల్లో ఎక్కడైనా మీ నంబరుతో నమోదు చేసి ఉంటే ఈ వారమే మార్పించండి. మీకు నివేదికలు చూసేందుకు మాత్రమే వీలున్న ప్రవేశం చాలు. పిన్, ఓటీపీ వాళ్లు చెప్పబోయినా వినవద్దు.

ఇక డబ్బు ఎలా అడగాలన్న ప్రశ్న. మీరు ఇప్పటిదాకా అమ్మింది అమరిక, కానీ ముగ్గురూ ఫోన్ చేస్తున్నది అమరిక కోసం కాదు, ఆ తర్వాత రోజూ జరగాల్సిన సరిపోల్చడం కోసం. ఒకేసారి డబ్బు తీసుకునే పద్ధతిలోనే ఉండాలనుకుంటే దానికి గట్టు వేయాలి: 30 రోజులు, నాలుగు సందర్శనలు, ఆ తర్వాత వచ్చే ప్రతిసారికీ వేరే రుసుము అని ముందే కాగితం మీద ఉండాలి. అప్పుడు మీకు సమయం మిగులుతుంది. కానీ ప్రతి నెలా కొత్త దుకాణం వెతుక్కోవాలి, నాలుగో నెలకు లెక్కలు పాడైన దుకాణాలు మీ పేరు చెడగొడతాయి.

నెలవారీ పద్ధతి అయితే ముందు గంటలు లెక్కేయండి. ఒక దుకాణానికి రోజు లెక్క సరిపోల్చడానికి ఇంటి నుంచే 15 నిమిషాలు, 26 పని దినాలకు ఆరున్నర గంటలు. వారానికి ఒక సందర్శన, ప్రయాణంతో కలిపి గంటన్నర, నెలకు ఆరు గంటలు. 60 కొనుగోలు బిల్లులు ఒక్కోటి 4 నిమిషాల చొప్పున నాలుగు గంటలు. నెలాఖరు నివేదికకు రెండున్నర, ఫోన్లకు ఒకటి. మొత్తం 20 గంటలు. నెలకు 160 గంటలు పనిచేస్తే ఎనిమిది దుకాణాలు పడతాయని కాగితం చెబుతుంది. కానీ ఎక్కడో సిస్టమ్ పాడవుతుంది, కొత్తవాళ్లతో మాట్లాడాలి. పావువంతు దానికి వదిలితే 120 గంటలు, అంటే ఆరు దుకాణాలు. మీకు నెలకు కావలసిన ఆదాయానికి ఖర్చులు కలిపి ఆరుతో భాగించండి. అదే ఒక్కో దుకాణం దగ్గర అడగాల్సిన మొత్తం.

ఆ అంకె వినగానే కొందరు ఎక్కువంటారు. అప్పుడు రుసుము తగ్గించకండి, పని తగ్గించండి. కొనుగోలు బిల్లులు వాళ్లే ఎక్కించుకుంటే నాలుగు గంటలు తగ్గుతాయి. సరిపోల్చడం రోజూ కాకుండా వారానికి రెండుసార్లు చేస్తే ఇంకో నాలుగు గంటలు తగ్గుతాయి. అయితే తేడా దొరకడానికి మూడు నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, అప్పటికి ఆ కొన్నవాళ్లెవరో గుర్తుండకపోవచ్చు. ఇది చెప్పి, ఎంచుకోవడం యజమానికే వదిలేయండి. రోజుకు పదిహేను బిల్లులు కూడా పడని దుకాణానికి మాత్రం నెలవారీ సేవ అమ్మవద్దు. ఒక పుస్తకం, దాన్ని రాసే పద్ధతి నేర్పి పంపండి.

ఏజెంటుగా చేరితే కొత్త దుకాణం చేర్చిన ప్రతిసారీ కమీషన్ వస్తుంది, నిజమే. కానీ సర్వర్ ఆగినా, డబ్బు ఆలస్యమైనా దుకాణదారు నిలదీసేది మిమ్మల్నే, సరిచేసే అధికారం మాత్రం మీకు ఉండదు. కమీషన్ కోసం ఒకే గల్లా మీద మూడు క్యూఆర్‌లు పెట్టిస్తే, రోజూ మూడు నివేదికలు జతచేయాల్సింది కూడా మీరే. చేరాలనుకుంటే ఒకే కంపెనీతో చేరండి. కమీషన్ వస్తుందన్న సంగతి దుకాణదారుకు ఒప్పంద కాగితంలోనే రాసి ఇవ్వండి.

ఆ కాగితంలో ఇంకో రెండు విషయాలు ఉండాలి. డేటా దుకాణానిది. వారానికొకసారి దాని ప్రతి యజమాని పెన్‌డ్రైవ్‌లోకో, ఆయన సొంత ఆన్‌లైన్ ఖాతాలోకో వెళ్లాలి. మూడు నెలలకొకసారి ఆ ప్రతిని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి, తెరుచుకోని ప్రతి ఉన్నా లేనట్టే. రెండోది, తప్పు పడిన బిల్లును చెరిపేయడం ఉండదు, రద్దు చేయడమే ఉంటుంది. బిల్లు సంఖ్యల వరుసలో ఖాళీ కనిపిస్తే పన్ను తనిఖీలో సమాధానం చెప్పాల్సింది యజమాని, వేలు చూపేది మీ వైపు.

పని వదిలేయాలా అన్నారు. మూడు దుకాణాల లెక్కలూ సరిచేసి, ముగ్గురి ముందూ నెలవారీ కాగితం పెట్టాక చూడండి. ఒక్కరు కూడా ఒప్పుకోకపోతే మీ చుట్టుపక్కల దీనికి గిరాకీ లేదని అనుకోవచ్చు. మొదట మూడో ఆయన దగ్గరికే వెళ్లండి, ఆయన నొప్పి రోజూ కనిపించేది. గత ఏడు రోజుల బ్యాంకు జమలను, కంపెనీ నివేదికను పక్కపక్కన పెట్టి, ప్రతి రోజు తేడా ఎక్కడికి పోయిందో ఒకే పేజీలో రాసి చూపించండి. ఆ పేజీ ఉచితంగా ఇవ్వండి. ఎనిమిదో రోజు పేజీ నుంచి రుసుము.

స్టేషనరీ దుకాణంలో మళ్లీ లెక్కపెట్టేది తలుపులు మూసిన తర్వాతే. ఆ రోజు చివరి బిల్లు సంఖ్య రాసుకోండి, అప్పుడే వచ్చి విప్పని పెట్టెలను పక్కన పెట్టి వాటిని మర్నాటి కొనుగోలుగా ఎక్కించండి. ఒకరు లెక్కపెడుతుంటే ఇంకొకరు రాయాలి. లెక్కపెట్టే పని ఆ పనికుర్రాడికే ఇవ్వమని యజమానిని అడగండి, రాసేది యజమాని కావాలి. ప్రతి కాగితం మీద ఇద్దరూ సంతకం చేసి, ఒక నకలు మీకు ఇవ్వాలి.